ఆన్‌లైన్‌కే పరిమితమైన ఫోల్డర్లు: వన్‌డ్రైవ్ ‘ఫైల్స్ ఆన్-డిమాండ్’ పనితీరు

నిర్వచనం

క్లౌడ్‌లో దాచిన ఫైలు పేరు, సైజు, తేదీ వంటి వివరాలను మాత్రమే కంప్యూటర్ డిస్క్ మీద ఉంచి, లోపలి డేటాను అవసరమైనప్పుడు ఇంటర్నెట్ ద్వారా తెప్పించే పద్ధతిని ఫైల్స్ ఆన్-డిమాండ్ అంటారు. డేటా లేకుండా వివరాలతో మాత్రమే డిస్క్ మీద ఉండే ఫైలు ప్లేస్‌హోల్డర్. ఇలాంటి ఫైళ్లే నిండిన ఫోల్డర్‌ను వాడుకలో ఆన్‌లైన్-ఓన్లీ ఫోల్డర్ అంటున్నారు. డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, ఐక్లౌడ్ వంటి సేవలన్నిటిలో ఈ ఏర్పాటు ఏదో ఒక రూపంలో ఉంది. ఈ వ్యాసం ప్రధానంగా విండోస్‌లోని మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌ను ఉదాహరణగా తీసుకుంటుంది.

ఈ ఫోల్డర్ల గురించి రెండు అపోహలు ప్రచారంలో ఉన్నాయి, రెండూ ఒకదానికొకటి విరుద్ధమైనవి. ఫోల్డర్ కళ్లెదుట ఉంది కాబట్టి అందులోని ఫైళ్లు కంప్యూటర్లో ఉన్నట్టేనన్నది ఒకటి. డిస్క్ మీద చోటు తీసుకోవడం లేదు కాబట్టి కనిపిస్తున్నది ఉత్త బొమ్మేనన్నది రెండోది. నిజానికి ఫోల్డరూ, అందులోని ఫైళ్ల పేర్లూ డిస్క్ మీద అసలువే. లేనిది డేటా ఒక్కటే. ఏ పని పేరుతో సరిపెట్టుకుంటుంది, ఏ పనికి డేటా కావాలి అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చోటు, వేగం, తొలగింపు, బ్యాకప్ అన్నిటిలోనూ ఈ ఫోల్డర్లు ఎలా ప్రవర్తిస్తాయో ముందే చెప్పవచ్చు.

పూర్వ చరిత్ర

పేరును ఒకచోట, డేటాను మరొకచోట ఉంచడం క్లౌడ్‌తో మొదలైన పని కాదు. 1970లలోనే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లలో చాలాకాలంగా ఎవరూ వాడని ఫైళ్లను ఖరీదైన డిస్క్ నుంచి చవకైన టేపు మీదకు తరలించి, వాటి పేర్లను మాత్రం జాబితాలో అలాగే ఉంచేవారు. ఎవరైనా అడిగినప్పుడు టేపు నుంచి వెనక్కి తెచ్చేవారు. విండోస్ 2000 సర్వర్‌లోని రిమోట్ స్టోరేజ్ సేవ కూడా ఇదే చేసింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో రీపార్స్ పాయింట్ అనే ఏర్పాటు వచ్చింది కూడా ఆ విండోస్ 2000తోనే. ఫైలు వివరాలతోపాటు ఒక గుర్తు వేసి ఉంచి, ఆ ఫైలును ఎవరైనా తెరవబోతే ఫలానా డ్రైవర్‌కు అప్పగించమని ఫైల్ సిస్టమ్‌కు చెప్పడం దీని పని. నేటి ప్లేస్‌హోల్డర్లు నిలబడింది ఈ పునాది మీదే.

క్లౌడ్ విషయానికి వస్తే, 2013లో వచ్చిన విండోస్ 8.1లోనే ఇలాంటి ప్లేస్‌హోల్డర్లు ఉండేవి. 2014 నవంబరులో విండోస్ 10 పరీక్షా రూపం నుంచి మైక్రోసాఫ్ట్ వాటిని తీసేసింది. ఏ ఫైలు కంప్యూటర్లో ఉందో, ఏది లేదో వాడేవారికి అర్థం కావడం లేదనీ, కొన్ని అప్లికేషన్లు వాటితో సరిగా పనిచేయడం లేదనీ కారణం చెప్పింది. వాటి స్థానంలో వచ్చిన సెలెక్టివ్ సింక్‌లో వద్దనుకున్న ఫోల్డర్ కంప్యూటర్ నుంచి పూర్తిగా మాయమవుతుంది. గందరగోళం పోయింది కానీ, తన దగ్గర ఏమేమి ఉన్నాయో చూసుకోవాలంటే బ్రౌజర్ తెరవవలసి వచ్చింది. వినియోగదారులు పట్టుబట్టి అడిగిన తర్వాత, 2017 అక్టోబరులో ఫాల్ క్రియేటర్స్ అప్‌డేట్‌తో ఫైల్స్ ఆన్-డిమాండ్ అనే పేరుతో ప్లేస్‌హోల్డర్లు తిరిగొచ్చాయి. ఈసారి విండోస్‌లోనే `cldflt.sys` అనే ఫిల్టర్ డ్రైవర్‌నూ, ఏ క్లౌడ్ సంస్థ అయినా వాడుకోగల క్లౌడ్ ఫైల్స్ ఏపీఐనీ చేర్చారు. అప్లికేషన్ల ఇబ్బంది దీంతో చాలావరకు తీరింది. మొదటి ఇబ్బంది, అంటే ఏది ఉంది ఏది లేదు అన్న అయోమయం, ఐకాన్లతో కొంత తగ్గిందేగానీ పోలేదు.

కనిపించడానికీ, చోటు పట్టకపోవడానికీ కారణం

ఏ ఫైల్ సిస్టమ్‌లోనైనా ఫైలుకు రెండు భాగాలు ఉంటాయి. పేరు, సైజు, తేదీలు, అనుమతులు ఒక భాగం. అసలు డేటా రెండో భాగం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మొదటి భాగాన్ని మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో, ఒక్కో ఫైలుకు సాధారణంగా 1 KB చొప్పున రాసి ఉంచుతారు. రెండో భాగం డిస్క్ మీద వేరే చోట క్లస్టర్లలో ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఒక ఫోల్డర్‌ను తెరిచి జాబితా చూపించడానికి చదివేది ఈ వివరాలనే. డేటా జోలికి పోదు. అందుకే క్లస్టర్లు ఒక్కటీ కేటాయించకపోయినా జాబితా పూర్తిగా, సక్రమంగా కనిపిస్తుంది. ఫోటోల చిన్న బొమ్మలు సైతం కనబడుతున్నాయి కదా, అది డేటా కాదా అని అడగవచ్చు. ఆ చిన్న బొమ్మను క్లౌడ్ సేవ విడిగా అందిస్తుంది, దాని కోసం అసలు ఫోటోను దించదు.

ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే ఈ విభజన కంటికి కనిపిస్తుంది. అక్కడ `Size` అనీ, `Size on disk` అనీ రెండు వరుసలు ఉంటాయి. మొదటిది ఫైలు తన గురించి చెప్పుకునే సైజు, వివరాల్లో రాసి ఉన్న అంకె. రెండోది దానికి నిజంగా కేటాయించిన క్లస్టర్ల మొత్తం. ప్లేస్‌హోల్డర్‌కు మొదటి వరుసలో 30 MB ఉండి, రెండో వరుసలో 0 bytes ఉంటుంది. రెండూ నిజమే. వన్‌డ్రైవ్ ఈ ఫైలుకు స్పార్స్ అనే లక్షణం ఇస్తుంది. సైజు ఇంత అని ప్రకటించి, ఆ మేరకు చోటు కేటాయించకుండా వదిలేయడానికి ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎప్పటినుంచో ఇస్తున్న సౌలభ్యం అది. కమాండ్ ప్రాంప్ట్‌లో `dir` కొడితే మరో ఆనవాలు దొరుకుతుంది: ఆఫ్‌లైన్ లక్షణం ఉన్న ఫైళ్ల సైజును ఆ కమాండ్ బ్రాకెట్లలో పెట్టి చూపిస్తుంది. టేపు నిల్వల కాలం నాటి ఆ అలవాటు ఇప్పటి క్లౌడ్ ఫైళ్లకూ అలాగే వర్తిస్తోంది.

చోటు అసలే పట్టదు అనడం మాత్రం పూర్తిగా సరికాదు. ఫైలుకు 1 KB పట్టికలో ఉంటుంది. వెయ్యి ఫైళ్లకు 1 MB, లక్ష ఫైళ్లకు 100 MB దాకా అవుతుంది. ఇది డిస్క్‌ను నింపేంత కాదు. భారం పడేది సింక్ ప్రోగ్రామ్ మీద. ప్రతి పేరునూ క్లౌడ్‌లోని పేరుతో సరిచూస్తూ ఉండాలి కాబట్టి, అన్నీ ప్లేస్‌హోల్డర్లే అయినా సింక్ చేసే ఫైళ్ల సంఖ్య 3 లక్షలు దాటకుండా చూసుకోమని మైక్రోసాఫ్ట్ సూచిస్తుంది.

షార్ట్‌కట్, నెట్‌వర్క్ డ్రైవ్‌లతో తేడా

ప్లేస్‌హోల్డర్‌ను షార్ట్‌కట్ అనుకోవడం సహజం, కానీ ప్రమాదకరం. షార్ట్‌కట్ అసలు ఫైలును చూపించే మరో ఫైలు. దాన్ని తీసేస్తే అసలుకు ఏమీ కాదు. ప్లేస్‌హోల్డర్ ఆ ఫైలే. దాని పేరు మారిస్తే క్లౌడ్‌లో మారుతుంది, తీసేస్తే అక్కడా పోతుంది. నెట్‌వర్క్ డ్రైవ్ కూడా కాదు. నెట్‌వర్క్ తెగితే నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్న జాబితా తెరుచుకోదు. వన్‌డ్రైవ్ ప్రోగ్రామ్‌ను ఆపేసినా, ఇంటర్నెట్ తీసేసినా ప్లేస్‌హోల్డర్ల జాబితా చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎందుకంటే ఆ పేర్లు రాసి ఉన్నది మన డిస్క్ మీదే. అప్పుడు ఫైలును తెరవబోతే మాత్రం 0x8007016A అనే అంకెతో `The cloud file provider is not running` అన్న సందేశం రావచ్చు. జాబితా బాగుండి, తెరిచినప్పుడు ఈ సందేశం వస్తే ఫైలు పాడయిందని కంగారు పడనక్కర్లేదు. డేటా తెచ్చిపెట్టవలసిన ప్రోగ్రామ్ నడవడం లేదని దాని అర్థం.

గూగుల్ డ్రైవ్ స్ట్రీమింగ్ పద్ధతితో పోల్చి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. విండోస్‌లో అది `G:` వంటి అక్షరంతో ఒక కల్పిత డ్రైవ్‌ను తయారుచేస్తుంది. ప్రోగ్రామ్‌ను మూసేస్తే ఆ డ్రైవే కనబడదు, పేర్లు కూడా మాయమవుతాయి. మ్యాక్‌లో ఆపిల్ వేరే దారి పట్టింది. ఫైల్ ప్రొవైడర్ అనే ఏర్పాటు కింద ఇతర సంస్థల క్లౌడ్ ఫోల్డర్లు `~/Library/CloudStorage`లోకి వచ్చి, డేటా లేని ఫైళ్లకు `dataless` అనే గుర్తు పడుతుంది. టెర్మినల్‌లో `ls -lO` కొడితే ఆ మాట కనిపిస్తుంది. వన్‌డ్రైవ్ ప్లేస్‌హోల్డర్లకు ఇవి దగ్గరి చుట్టాలు, ఇక్కడా పేర్లు డిస్క్ మీద నిజంగానే ఉంటాయి.

తెరిచినప్పుడు జరిగేది

ఒక అప్లికేషన్ ప్లేస్‌హోల్డర్‌ను తెరిచి డేటా అడిగిన క్షణంలో ఫిల్టర్ డ్రైవర్ ఆ అభ్యర్థనను మధ్యలో ఆపుతుంది. ఫలానా ఫైలులో ఫలానా భాగం కావాలని వన్‌డ్రైవ్ ప్రోగ్రామ్‌కు కబురు పంపుతుంది. వన్‌డ్రైవ్ సర్వర్ నుంచి డేటా తెచ్చి ఇస్తే, డ్రైవర్ దాన్ని అదే ఫైలులో క్లస్టర్లు కేటాయించి నింపి, ఆపిన అభ్యర్థనను వదిలిపెడుతుంది. దీన్ని హైడ్రేషన్ అంటారు. అప్లికేషన్‌కు ఇదేమీ తెలియదు, డిస్క్ నెమ్మదిగా ఉందనుకుంటుంది అంతే. ఇరవై ఏళ్ల క్రితం రాసిన ప్రోగ్రామ్ కూడా క్లౌడ్ ఫైలును తెరవగలగడానికి కారణం ఇదే.

డేటా ఒకసారి వచ్చాక తనంతట తాను వెళ్లిపోదు. ఆన్‌లైన్‌లో మాత్రమే ఉన్న ఫైలుకు పక్కన నీలం మేఘం గుర్తు ఉంటుంది. తెరిచాక అది తెల్ల వృత్తంలో ఆకుపచ్చ టిక్‌గా మారుతుంది, అంటే డేటా ఇక్కడ ఉంది, అవసరమైతే తీసేయవచ్చు. రైట్ క్లిక్ చేసి `Always keep on this device` ఎంచుకుంటే నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్ల టిక్ వస్తుంది, ఆ ఫైలును ఖాళీ చేయవద్దని అర్థం. తిరిగి మేఘం గుర్తుకు మార్చాలంటే `Free up space` ఉంది. మధ్య స్థితిలో ఉన్న ఫైళ్లను కొంతకాలం తెరవకపోతే స్టోరేజ్ సెన్స్ అనే విండోస్ సౌకర్యం ఖాళీ చేయగలదు. అయితే ఆ పని చేయాలని సెట్టింగ్స్‌లో గడువు ఎంచుకుని ఉండాలి. నెలల తరబడి ఒక్కొక్క ఫైలే తెరుస్తూ పోయి, ‘అన్నీ క్లౌడ్‌లోనే కదా, డిస్క్ ఎందుకు నిండింది’ అని ఆశ్చర్యపోయేవారి కంప్యూటర్లో జరిగింది ఈ మధ్య స్థితి పేరుకుపోవడమే.

ఒక ఫోల్డర్ మొత్తాన్ని ఖాళీ చేయడానికి ఆదేశం కూడా ఉంది:

```
attrib +U -P "C:\Users\Studio\OneDrive\Pelli\*" /S /D
```

ఇందులో `P` ఎప్పటికీ ఉంచమన్న గుర్తు, `U` ఖాళీ చేయమన్న గుర్తు. సింక్ పూర్తికాని మార్పులున్న ఫైలును వన్‌డ్రైవ్ ఖాళీ చేయదు.

ఉదాహరణ: 117 GB ఫోల్డర్‌ను బయటి డిస్క్‌కు కాపీ చేయడం

ఒక ఫోటో స్టూడియో లాప్‌టాప్‌ను ఊహించుకుందాం. 256 GB డిస్క్, విండోస్ లెక్కలో 238 GB. అందులో ఖాళీ 40 GB. వన్‌డ్రైవ్‌లో ఒక పెళ్లి ఫోల్డర్, అందులో 30 MB చొప్పున 4,000 ఫోటోలు, మొత్తం 117 GB. అన్నీ నీలం మేఘాలే. డిస్క్ మీద అవి తీసుకున్నది 4 MB లోపు. పెళ్లివారికి ఇవ్వడానికి ఈ ఫోల్డర్‌ను 1 TB బయటి డిస్క్‌కు కాపీ చేయాలి. కాపీ మొదలుపెడితే ప్రతి ఫోటో ముందు సర్వర్ నుంచి లాప్‌టాప్ డిస్క్‌లోకి దిగి, అక్కడి నుంచి బయటి డిస్క్‌కు వెళ్తుంది. ఖాళీ 40 GBనే కాబట్టి, మూడో వంతు పూర్తయ్యేసరికి C డ్రైవ్ నిండిపోతుంది. బయటి డిస్క్‌లో ఇంకా దాదాపు 890 GB ఖాళీ ఉన్నా పని ఆగిపోతుంది. బయటి డిస్క్‌కు చోటు సరిపోతుంది కాబట్టి కాపీకి ఆటంకం ఉండదనుకోవడంలోనే పొరపాటు ఉంది. డేటా కావలసిన ప్రతి పనికీ దారి C డ్రైవ్ మీదుగానే.

వేగం విషయమూ అంతే. 100 Mbps కనెక్షన్ పూర్తి వేగంతో నడిచినా ఇంత డేటా దిగడానికి 2 గంటల 50 నిమిషాలు దగ్గర దగ్గర పడుతుంది. ఎక్స్‌ప్లోరర్ ఇది డిస్క్ కాపీ అన్నట్టే పచ్చ గీత చూపిస్తుంది కాబట్టి, బయటి డిస్క్ పాడయిందేమో, కేబుల్ సరిగా లేదేమో అనిపించవచ్చు. తేల్చుకోవడానికి టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ వాడకం చూస్తే చాలు. అది గరిష్ఠానికి దగ్గరగా ఉంటే జరుగుతున్నది డౌన్‌లోడ్. చేయవలసింది ఫోల్డర్‌ను 25–30 GB భాగాలుగా కాపీ చేసి, ఒక్కో భాగం పూర్తయ్యాక దాన్ని `Free up space`తో ఖాళీ చేసి, తర్వాతి భాగానికి వెళ్లడం. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌ను మొదటినుంచే పెద్ద డిస్క్ మీద పెట్టుకుంటే ఈ ఇబ్బంది రాదు, కాకపోతే ఆ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి.

అదే ఫోల్డర్‌ను కాపీ కాకుండా మూవ్ చేస్తే ఫలితం ఇంకో రకం. వన్‌డ్రైవ్ లోపలే ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు మారిస్తే అది పేరు పని, క్షణంలో అయిపోతుంది, ఒక్క ఫోటో కూడా దిగదు. వన్‌డ్రైవ్ బయటకు మారిస్తే డేటా అంతా దిగాలి, ఆ తర్వాత క్లౌడ్‌లోనుంచి కూడా ఆ ఫైళ్లు పోతాయి. సెర్చ్‌లోనూ ఈ తేడా కనిపిస్తుంది: ఫైలు పేరుతో వెతికితే దొరుకుతుంది, డాక్యుమెంట్ లోపలి మాటతో వెతికితే దొరకదు, ఎందుకంటే వెతకడానికి లోపలి పాఠం ఈ కంప్యూటర్లో లేదు.

తొలగింపు

తొలగింపు పేరు పని. అందుకే 117 GB ఫోల్డర్‌ను తీసేయడానికి కొన్ని క్షణాలు చాలు, ఇంటర్నెట్ వేగంతో సంబంధం లేదు. డిస్క్‌లో చోటు చేసుకుందామని ఆన్‌లైన్-ఓన్లీ ఫోల్డర్‌ను తీసేసేవారికి చోటు ఏమాత్రం దక్కదు, ఎందుకంటే అది చోటు పట్టనే లేదు. దక్కేది నష్టం మాత్రమే: ఆ ఫోల్డర్ క్లౌడ్ నుంచీ, అదే ఖాతా ఉన్న మిగతా కంప్యూటర్ల నుంచీ పోతుంది. పైగా ఆన్‌లైన్-ఓన్లీ ఫైళ్లు కంప్యూటర్‌లోని రీసైకిల్ బిన్‌లో పడవు, అక్కడ పెట్టడానికి డేటా లేదు. వెబ్‌సైట్‌లోని వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో వెతకాలి. సొంత ఖాతాలో 30 రోజులు, ఆఫీసు లేదా కాలేజీ ఖాతాలో సాధారణంగా 93 రోజుల వరకు తిరిగి తెచ్చుకునే వీలుంటుంది. చోటు కోసమైతే వాడవలసింది `Delete` కాదు, `Free up space`.

కంప్యూటర్‌ను ఖాతా నుంచి విడదీసే `Unlink this PC` సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. దాన్ని ఎంచుకుంటే డేటా ఉన్న ఫైళ్లు కంప్యూటర్లో మిగులుతాయి, ప్లేస్‌హోల్డర్లు కంప్యూటర్ నుంచి పోతాయి. ఈసారి క్లౌడ్‌లో ఉన్నవి మాత్రం క్షేమం. తెచ్చిపెట్టే సేవ లేకపోతే డేటా లేని పేరుకు అర్థం లేదు కాబట్టి విండోస్ దాన్ని ఉంచదు.

బ్యాకప్‌తో సంబంధం

క్లౌడ్‌లో ఉన్నాయి, కంప్యూటర్లోనూ కనిపిస్తున్నాయి, కాబట్టి రెండు కాపీలున్నట్టే కదా అన్నది తరచుగా వినిపించే వాదన. డేటా పూర్తిగా దిగిన ఫైళ్ల విషయంలో ఇందులో కొంత నిజం ఉంది, అయినా ఒకచోట చేసిన మార్పు రెండోచోటికీ పోతుంది కాబట్టి అది సింక్ అవుతుంది గానీ బ్యాకప్ కాదు. ఆన్‌లైన్-ఓన్లీ ఫైళ్ల విషయంలో ఆ కొంత నిజం కూడా లేదు. కంప్యూటర్లలో కనిపించే చోట్లు ఎన్నయినా, డేటా ఉన్నది సర్వర్‌లో ఒక్కచోటే. అయిదు లాప్‌టాప్‌లలో మేఘం గుర్తుతో కనబడుతున్న ఫైలు మన చేతిలో ఒక్క కాపీ కూడా లేని ఫైలు. సర్వర్లను ఆ సంస్థ తన వైపు జాగ్రత్తగానే కాపాడుకుంటుందన్న మాట నిజమే. అయితే ఫైళ్లు పోవడానికి సర్వర్ చెడిపోవడం ఒక్కటే కారణం కాదు. పొరపాటున తీసేయడం, ఖాతా చేజారిపోవడం వంటివి ఆ జాగ్రత్త పరిధిలోకి రావు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నడుస్తోందన్న ధీమా కూడా ఇక్కడ చాలదు. ఫైళ్లను ఒక్కొక్కటిగా చదివే బ్యాకప్ ప్రోగ్రామ్ ముందు రెండు దారులుంటాయి. ఆఫ్‌లైన్ గుర్తు చూసి ఆ ఫైళ్లను వదిలేయడం ఒకటి, అన్నిటినీ చదివి క్లౌడ్‌లో ఉన్నదంతా C డ్రైవ్‌లోకి దింపేయడం రెండోది. ఏది చేస్తుందో ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌ను బట్టి ఉంటుంది. డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా తీసే ప్రోగ్రామ్‌కు డిస్క్ మీద ఉన్నదే దొరుకుతుంది. 117 GB ఫోల్డర్ నుంచి దానికి దొరికేది ఆ 4 MB వివరాలే. బ్యాకప్ విజయవంతమైందనే చెబుతుంది, తిరిగి తెచ్చినప్పుడు పేర్లన్నీ వరుసగా ఉంటాయి, డేటా ఉండదు. ఇది ముందే పట్టుకోవాలంటే బ్యాకప్ అయిన సైజును చూడాలి: ఫోల్డర్ `Size`కు కాక `Size on disk`కు దగ్గరగా ఉంటే డేటా రాలేదు.

నిజమైన రెండో కాపీ కావాలనుకునేవారు పెద్ద డిస్క్ ఉన్న ఏదైనా ఒక కంప్యూటర్లో ఆ ఫోల్డర్‌కు `Always keep on this device` పెట్టి, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో `Size`, `Size on disk` అంకెలు దాదాపు సమానమయ్యేదాకా ఆగి, ఆ తర్వాత బ్యాకప్ తీయాలి. అంకెలు ఇంకా కలవకపోతే రైట్ క్లిక్‌లో సింక్ స్థితి చూసి, మేఘం గుర్తుతో మిగిలిపోయిన ఫైళ్లు ఏవో వెతికి, వాటిని విడిగా తెరిచి చూడాలి.